ఇల్లు పిల్లలకి, ఉండే హక్కు అమ్మకి: వీలునామాలో ఆ ఐదు వాక్యాలు ఎలా రాయించాలి

"నా తర్వాత మా ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఆ ఇంట్లోనే ఉండాలి, ఆవిడ తర్వాత పిల్లలు పంచుకోవాలి." శ్రీకాకుళంలో అయినా విజయనగరంలో అయినా దస్తావేజు లేఖరి ముందు కూర్చున్న పెద్దమనిషి చెప్పే మాట దాదాపు ఇదే. ఆలోచన చక్కనిదే, కానీ కాగితం మీదకి వచ్చేసరికి అది తేడాగా రాసేస్తారు, ఆ తేడా బయటపడేది ఆయన పోయాక. అప్పుడు దిద్దడానికి ఆయన ఉండరు. అందుకే ఆ క్లాజు ఎలా రాయించాలో, ఎక్కడ చెడుతుందో వరసగా చెప్తాను. నేను చెప్పేది హిందూ కుటుంబాల గురించి. ముస్లింలకి, క్రైస్తవులకి వారసత్వ నియమాలు వేరు కాబట్టి వాళ్ళు ఇదే మాదిరి వాడకూడదు.

ఒక ఉదాహరణ పెట్టుకుందాం. నరసన్నపేటలో ఒక రిటైర్డ్ మాస్టారు, సొంత జీతంతో కొన్న స్థలంలో కట్టిన ఇల్లు. కింద ఆయనా భార్యా ఉంటారు, పైన వాటా నెలకి 5,000 అద్దెకి ఇచ్చారు. పెద్దబ్బాయి విశాఖలో, చిన్నబ్బాయి హైదరాబాద్‌లో, అమ్మాయి బొబ్బిలిలో అత్తారింట్లో.

వీలునామా రాయకుండా మాస్టారు పోతే ఏమవుతుంది? 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకి, ముగ్గురు పిల్లలకి తలా నాలుగో వంతు వస్తుంది (మాస్టారి తల్లి బతికి ఉంటే ఆవిడకీ ఒక వాటా, అప్పుడు ఐదుగురు). అంటే అమ్మ కూర్చున్న ఇంట్లో నాలుగింట మూడు వంతులు పిల్లలవి. వాళ్ళలో ఏ ఒక్కరైనా, లేదా అప్పు కింద వాళ్ళ వాటా వేలంలో కొన్నవాడైనా, భాగం పంచమని దావా వేయొచ్చు. రెండు వాటాల ఇంటిని నాలుగు ముక్కలు చేయడం కుదరదు కాబట్టి కోర్టు అమ్మించి డబ్బు పంచే దాకా వెళ్ళొచ్చు. అమ్మ వాటా డబ్బు అమ్మకి వస్తుంది, ఇల్లు పోతుంది. మనం ఆపాలనుకున్నది సరిగ్గా దీన్నే.

ముందు ఇల్లు ఎవరిదో చూడండి

వీలునామాలో రాయగలిగేది మీది మాత్రమే. తాతల నుంచి వచ్చిన ఉమ్మడి ఆస్తి అయితే అందులో మీ వాటా వరకే రాయగలరు, మొత్తం ఇల్లు రాసేస్తే మిగతా వాటాదారుల మీద అది చెల్లదు. కొన్నప్పుడు దస్తావేజు ఎవరి పేరున ఉందో తీసి చూడండి. భార్యాభర్తలిద్దరి పేరునా ఉంటే ఆవిడ సగం ఆవిడదే, దానికి జీవితకాల హక్కు ఇచ్చే అవసరమే లేదు, ఆ సగం ఆవిడ వీలునామాలో ఆవిడ రాసుకోవాలి. ప్రభుత్వం ఇచ్చిన ఇళ్ళ స్థలాల పట్టాలు చాలావరకు ఆడవాళ్ళ పేరునే ఉంటాయి. భర్త కష్టపడి కట్టిన ఇల్లు అయినా పట్టా భార్యదైతే ఆయన రాసే వీలునామా ఆ స్థలానికి పనికిరాదు.

పల్లెల్లో గ్రామకంఠం ఇళ్ళకి అసలు దస్తావేజే ఉండదు, ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లు, ఎన్నాళ్ళ నుంచో ఉంటున్నామన్న సాక్ష్యం అంతే. అలాంటి ఇల్లు కూడా వీలునామాలో రాయొచ్చు, కాకపోతే హద్దులు, ఇంటి నంబరు, పన్ను నంబరు ఇంకా శ్రద్ధగా రాయాలి. ఎందుకంటే చూపించడానికి వెనక కాగితం లేదు.

వీలునామా కావాలా, ఇప్పుడే సెటిల్‌మెంట్ చేయాలా

రెండు దారులున్నాయి. వీలునామా ఎప్పుడంటే అప్పుడు మార్చుకోవచ్చు, మీరు పోయాకే అమల్లోకి వస్తుంది. సెటిల్‌మెంట్ దస్తావేజు (దాన సెటిల్‌మెంట్ అంటారు) అయితే ఇప్పుడే పిల్లలకి హక్కు వెళ్ళిపోతుంది, మీరూ మీ ఆవిడా బతికున్నంత కాలం ఉండే హక్కు మీకు అట్టిపెట్టుకుంటారు. ఒకసారి రిజిస్టర్ అయితే మనసు మారిందని ఒక్కరుగా రద్దు చేసుకోవడం కుదరదు. పెద్ద కోడలికీ అత్తగారికీ పడని ఇంట్లో, ఇద్దరి కొడుకుల మధ్య ఇంకా లెక్కలు తేలని ఇంట్లో, ఇప్పుడే ఇచ్చేయమని నేను చెప్పను. సెటిల్‌మెంటే చేయాలనుకుంటే, "తల్లిదండ్రులను పోషించవలెను, వారి అవసరములు చూడవలెను" అనే షరతు దస్తావేజులోనే రాయించండి. 2007 వృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ కింద, రాసిచ్చిన పెద్దాయన పిల్లలు చూడకపోతే ఆర్డీవో ట్రిబ్యునల్‌కి వెళ్ళి ఆ దస్తావేజు రద్దు చేయించుకోగలిగేది అలాంటి షరతు ఉన్నప్పుడే. వీలునామాకి ఈ గొడవ లేదు. మాస్టారికి నేను వీలునామానే చెప్తాను, కింద రాసేదంతా దాని గురించే.

అసలు చిక్కు: తప్పు వాక్యం వల్ల ఏం జరుగుతుంది

ఇక్కడ కొంచెం ఓపిగ్గా చదవండి, మొత్తం వ్యవహారం ఇందులోనే ఉంది.

అదే వారసత్వ చట్టంలో 14వ సెక్షన్ ఉంది. మొదటి భాగం ఏమంటుందంటే, హిందూ స్త్రీ చేతిలో ఉన్న ఆస్తి ఆమెకి పరిమిత హక్కు కాదు, పూర్తి హక్కు. రెండో భాగం దానికి మినహాయింపు: వీలునామా, దానం లాంటి పత్రం ద్వారా ఇచ్చినప్పుడు, ఆ పత్రమే హక్కుని పరిమితం చేస్తే ఆ పరిమితి నిలుస్తుంది. చదవగానే మన క్లాజుకి రెండో భాగం వర్తిస్తుంది, ఇంకేముంది అనిపిస్తుంది. అక్కడే 1977లో మన ఆంధ్ర నుంచే వెళ్ళిన తులసమ్మ కేసు వచ్చి అడ్డం పడుతుంది. భర్త చనిపోయాక పోషణ కోసం ఆమె దావా వేస్తే, భర్త సోదరుడు శేషారెడ్డితో కుదిరిన రాజీలో ఆమెకి జీవితకాలం అనుభవించేలా కొంత ఆస్తి ఇచ్చారు. సుప్రీంకోర్టు ఏమందంటే, ఆ ఆస్తి ఆమెకి ముందే ఉన్న పోషణ హక్కుకి బదులుగా వచ్చింది కాబట్టి, కాగితంలో జీవితకాలం అని రాసినా అది పూర్తి హక్కు అయిపోయింది. ఆ తర్వాత వచ్చిన తీర్పుల్లో కొన్ని, వీలునామాలో భర్త స్పష్టంగా పరిమితం చేస్తే పరిమితమే అన్నాయి (2006లో సాధూ సింగ్ కేసు, 2022లో జోగీ రామ్ కేసు). తీర్పులు రెండు దారుల్లో ఉన్నాయని 2024 డిసెంబర్‌లో సుప్రీంకోర్టే గుర్తించి విషయాన్ని పెద్ద బెంచికి పంపింది.

కాబట్టి ఒక మాట పొరపాటున పడితే, అమ్మకి ఉండే హక్కు కాస్తా పూర్తి యాజమాన్యం అవుతుంది, ఆవిడ ఎవరికైనా రాసిచ్చేయొచ్చు. అది మంచిదే కదా అనేవాళ్ళూ ఉంటారు. ఆ వాదనకీ విలువుంది. భార్యకే మొత్తం ఇవ్వాలనుకుంటే అలాగే రాయండి, ఈ క్లాజే అక్కర్లేదు. ఒకటి అనుకుని ఇంకోటి జరిగితేనే కోర్టు.

దీని నుంచి మూడు జాగ్రత్తలు వస్తాయి.

మొదటిది, యాజమాన్యం నేరుగా పిల్లలకి ఇవ్వండి, అమ్మ హక్కుని దాని మీద భారంగా పెట్టండి. చాలామంది లేఖరులు తలకిందులుగా రాస్తారు: "నా భార్యకు సర్వహక్కులతో ఇచ్చితిని, ఆమె తదనంతరం నా పిల్లలకు చెందవలెను." అమ్మకం దస్తావేజుల్లో వాడే "దాన వినిమయ విక్రయాది సర్వహక్కులతో" అనే ముక్క అలవాటు కొద్దీ వచ్చి ఇక్కడ అతుక్కుంటుంది. సర్వహక్కులూ ఒకసారి ఇచ్చేశాక ఆవిడ తర్వాత ఎవరికి పోవాలో చెప్పడానికి మీ దగ్గర ఏం మిగల్లేదని వాదిస్తారు, ఆ వాదన చాలాసార్లు గెలుస్తుంది కూడా. డ్రాఫ్టు చేతికి రాగానే ముందు ఆ ముక్క కోసం వెతకండి.

రెండోది, "ఆమె పోషణార్థం", "మనోవర్తి నిమిత్తం" అన్న మాటలు ఇంటి పక్కన రాయించకండి. తులసమ్మ కేసు మొత్తం ఆ మాట మీదే నిలబడింది. అలా అని పోషణ గాలికొదిలేయమని కాదు. అది ఇంకో చోట పెట్టండి: మాస్టారి కుటుంబ పెన్షన్, బ్యాంకు డిపాజిట్, ఎల్ఐసీ డబ్బు. "ఈ డిపాజిట్లు నా భార్య పోషణకై పూర్తి హక్కుతో ఆమెకే" అని విడిగా రాస్తే, ఇల్లు పోషణకి బదులు ఇచ్చారనే వాదనకి బలం తగ్గుతుంది. పూర్తిగా పోతుందని మాత్రం ఎవరూ హామీ ఇవ్వలేరు, పెద్ద బెంచి తేల్చే దాకా.

మూడోది, ఉండే హక్కా, అనుభవించే హక్కా తేల్చుకోవడం. నివాస హక్కు అంటే ఆవిడ సొంతంగా ఉండటమే, అద్దెకి ఇవ్వలేదు, ఇంకొకరికి బదిలీ చేయలేదు. జీవితకాల అనుభవ హక్కు అంటే అద్దె కూడా ఆవిడదే. మాస్టారి ఇంట్లో పై వాటా అద్దె నెలకి 5,000 ఎవరికి? ఇది రాయకపోతే మొదటి నెల అద్దె రోజే గొడవ. కింద వాటాకి నివాస హక్కు, పై వాటా అద్దె వసూలు చేసుకునే హక్కు అని రెండూ విడివిడిగా రాస్తే సరిపోతుంది. కొత్త అద్దెదారుని పెట్టుకునే హక్కు, ఖాళీ చేయించే హక్కు కూడా ఆవిడకే అని ఒక ముక్క కలపండి, లేకపోతే అద్దెదారు "మీరు యజమాని కాదు కదమ్మా" అంటాడు.

రాయించాల్సిన వాక్యాలు

లాయరు చేతికి ఇచ్చి దిద్దించుకోండి. లేఖరి దగ్గర ఉన్న మాదిరి కంటే దీన్ని మొదలుగా పెట్టుకోవడం మేలు.

"నా స్వార్జితమైన, దిగువ షెడ్యూలులో చూపిన ఇంటి యాజమాన్యమును నా మరణానంతరం వెంటనే నా ఇద్దరు కుమారులకును, నా కుమార్తెకును సమాన వాటాలుగా సంక్రమింపజేయుచున్నాను. అయితే నా భార్య జీవించియున్నంత కాలము సదరు ఇంటి కింది భాగములో ఏ ఆటంకము లేకుండా నివసించుటకును, పై భాగముపై వచ్చు అద్దెను తానే వసూలు చేసుకొని అనుభవించుటకును, అద్దెదారులను ఉంచుటకు, తొలగించుటకును ఆమెకు హక్కు కలదు. సదరు ఇంటిని విక్రయించుటకు గాని, దానము చేయుటకు గాని, తాకట్టు పెట్టుటకు గాని ఆమెకు హక్కు లేదు. ఆమె జీవించియుండగా నా పిల్లలు భాగము కోరరాదు, ఆమె లిఖితపూర్వక సమ్మతి లేకుండా ఇంటిని అన్యాక్రాంతము చేయరాదు. ఆమె మరణానంతరం వారు భాగించుకొనవచ్చును."

ఇందులో "నా మరణానంతరం వెంటనే" అన్న మూడు మాటలు ఎంత పని చేస్తాయో చూడండి. మాస్టారు పోయారు, అమ్మ ఉంది, మధ్యలో చిన్నబ్బాయి పోయాడు అనుకుందాం. వాటా మాస్టారు పోయిన రోజే చిన్నబ్బాయికి దక్కింది కాబట్టి ఆ మూడో వంతు అతని భార్యాపిల్లలకి, అమ్మకి చట్టప్రకారం వెళ్తుంది. అదే "నా భార్య మరణించునాటికి జీవించియున్న పిల్లలకు" అని రాసి ఉంటే, చిన్నకోడలికీ మనవడికీ సున్నా, మొత్తం మిగతా ఇద్దరికీ సగం సగం. రెండూ చట్టబద్ధమే, ఏది కావాలో మీ ఇష్టం. తెలియకుండా రెండోది రాయించుకుని చిన్నకోడల్ని వీధిన పెట్టకండి.

ఇంకో రెండు మూడు విషయాలు అదే కాగితంలో. ఇంటి పన్ను, కరెంటు ఆవిడ కట్టుకుంటుందా, పిల్లలు కడతారా? పెద్ద మరమ్మతు ఎవరిది? 2018లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు జిల్లాలో ఎన్ని రేకులు లేచిపోయాయో మనకి గుర్తే. అలాంటప్పుడు లక్షన్నర ఖర్చు పెట్టాల్సింది పెన్షన్ మీద బతికే ఆవిడా? నేనైతే చిన్న పనులు, పన్ను అద్దె లోంచి ఆవిడ, కప్పు, గోడలు, బోరు లాంటి పెద్ద పనులు ముగ్గురు పిల్లలూ సమానంగా అని రాయిస్తాను. కొన్నాళ్ళు పెద్దబ్బాయి దగ్గర విశాఖలో ఉంటే హక్కు పోదని కూడా ఒక ముక్క: "ఆమె వేరొకచోట ఉన్నంత మాత్రమున ఈ హక్కు రద్దు కానేరదు." ఇది లేకపోతే ఆరు నెలలు ఊళ్ళో లేదని తాళం మార్చేసే కొడుకులు ఉంటారు. "మళ్ళీ పెళ్ళి చేసుకుంటే హక్కు పోవును" అని పాత మాదిరుల్లో కనిపిస్తుంది, అది పెట్టాలా వద్దా అన్నది మీ నిర్ణయం, అరవై దాటిన ఆవిడ విషయంలో దాని అవసరం నాకు కనపడదు.

అమ్మే అవసరం పడితే? మందుల ఖర్చు, ఇల్లు పాతబడిపోయింది, అందరూ అమ్మేద్దామనుకున్నారు. అప్పుడు ముగ్గురు పిల్లలూ, అమ్మా అందరూ సంతకం పెడితే అమ్మొచ్చు. ఆ డబ్బులో కొంత ఆవిడ పేర డిపాజిట్ చేసి వడ్డీ ఆవిడకి, అసలు పిల్లలకి అని ముందే రాసి పెట్టొచ్చు.

సంతకాలు, సాక్షులు, రిజిస్ట్రేషన్

వీలునామాకి స్టాంపు కాగితం అక్కర్లేదు, తెల్ల కాగితం చాలు. ఇద్దరు సాక్షులు తప్పనిసరి. మాస్టారు సంతకం చేయడం వాళ్ళు చూడాలి, ఆయన ఎదురుగా వాళ్ళు సంతకం చేయాలి. ఇద్దరూ ఒకే చోట కూర్చుని చేస్తే తర్వాత కోర్టులో చెప్పడం తేలిక. రేపు గొడవొస్తే కనీసం ఒక సాక్షి వచ్చి చెప్పాలి కాబట్టి, మాస్టారి కంటే పదిహేనేళ్ళు చిన్నవాళ్ళని, ఊళ్ళోనే ఉండేవాళ్ళని చూసుకోండి. వాటా ఉన్నవాళ్ళనీ వాళ్ళ భార్యాభర్తలనీ సాక్షులుగా పెట్టకండి. పెద్దబ్బాయే కారెక్కించి తీసుకెళ్ళి, లేఖరికి చెప్పి రాయించి, ఫీజు కట్టడం కూడా మంచిది కాదు, తర్వాత అదే అనుమానం అవుతుంది. ఆయన వయసు ఎక్కువైతే ఆ రోజే ఒక డాక్టరు "స్పృహలో ఉన్నారు" అని రాసిచ్చిన కాగితం దగ్గర పెట్టుకోండి.

రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ చేయించండి. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకి రాలేని పరిస్థితి అయితే ఇంటికి రమ్మని అడగొచ్చు. బతికున్నంత కాలం నకలు ఆయనకి గానీ ఆయన ఏజెంటుకి గానీ తప్ప వేరే వాళ్ళకి ఇవ్వరు, కాబట్టి ఏం రాశారో పిల్లలకి ముందే తెలిసిపోతుందనే టెన్షన్ అక్కర్లేదు. పోయాక ఎవరైనా తీసుకోవచ్చు. ఇంకో చిన్న ఊరట: మన జిల్లాల్లో ఆస్తికి హిందూ వీలునామా మీద ప్రొబేట్ అనే కోర్టు ధ్రువీకరణ తెచ్చుకోవాల్సిన పని లేదు, చెన్నై నగరం, ముంబై లాంటి చోట్ల 2025 దాకా ఉన్న ఆ నియమం గురించి విని భయపడుతుంటారు.

మాస్టారు పోయాక అమ్మ చేయాల్సినవి

చాలామంది ఇక్కడ ఆగిపోతారు. వీలునామాలు రిజిస్ట్రార్ ఆఫీసులో వేరే పుస్తకంలో నమోదవుతాయి, ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే మామూలు ఈసీ తీస్తే అందులో కనపడవు. అంటే ఎవరైనా ఒక కొడుకు వీలునామా సంగతి చెప్పకుండా తన వాటా అమ్మాలనుకుంటే, కొనేవాడికి ఈసీలో అమ్మ హక్కు కనిపించదు. ఆవిడ ఇంట్లో ఉంటున్నంత కాలం "ఉంటున్నది ఎవరు, ఏ హక్కుతో" అని కనుక్కోవడం కొనేవాడి బాధ్యత అని చట్టం అంటుంది, అది కొంత రక్ష. కానీ ఆవిడ విశాఖలో ఉండగా ఇల్లు ఖాళీగా ఉంటే ఆ రక్ష పల్చబడుతుంది. అందుకని ముగ్గురు పిల్లలూ సఖ్యంగా ఉన్న రోజుల్లోనే, వీలునామాని ఒప్పుకుంటూ, అమ్మ హక్కుని చెప్తూ ఒక కుటుంబ ఒప్పందం రిజిస్టర్ చేయించుకుంటే అది ఈసీలో కనిపిస్తుంది. దానికి స్టాంపు ఎంత పడుతుందో ముందే లాయరుతో లెక్క వేయించుకోండి.

తర్వాత మున్సిపాలిటీకి గానీ పంచాయతీకి గానీ వెళ్ళి, మరణ ధ్రువీకరణ పత్రం, వీలునామా నకలు ఇచ్చి ఇంటి పన్ను పేరు మార్పించాలి. ఒక్క కొడుకు పేరే పడకుండా చూసుకోండి. ముగ్గురి పేర్లూ, జీవితకాల హక్కు అమ్మకి అన్న మాటా అర్జీలో రాసి, దాని రసీదు ఉంచుకోండి. పన్ను పేరు మారినంత మాత్రాన యాజమాన్యం మారదు, కానీ తర్వాత ఎవరైనా ఒక్కడే వారసుడినని చెప్పుకోవాలంటే ఆ అర్జీ అడ్డం వస్తుంది. అద్దెదారుకి కూడా ఒక చీటీ: ఇకనుంచి అద్దె అమ్మ ఖాతాకి వేయాలి అని, ముగ్గురు పిల్లల సంతకాలతో.

హక్కుకి ఎవరైనా అడ్డం పడితే ఆవిడ సివిల్ కోర్టులో ఇంజంక్షన్ అడగొచ్చు. అప్పుడు ఆవిడ చేతిలో ఉండాల్సినవి రిజిస్టర్డ్ వీలునామా నకలు, ఆవిడ పేరున ఉన్న కరెంటు బిల్లు, అద్దె ఖాతాలో పడిన లెక్క, ఆ ఇంటి అడ్రసుతో ఆధార్. పెద్దబ్బాయి దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆధార్ అడ్రసు విశాఖకి మార్చుకోమని ఎవరైనా చెప్తే మార్చొద్దని చెప్పండి.

ఆవిడ కాలం చేశాక పిల్లలకి ఇంకో దస్తావేజు ఎవరూ రాసివ్వక్కర్లేదు, వాటాలు వాళ్ళవే, ఆవిడ హక్కు అక్కడితో అయిపోయింది. మరణ పత్రం ఇచ్చి పన్ను రికార్డులో ఆ మాట తీయించుకుని, ఎవరికి ఏ భాగం అన్నది మాత్రం భాగపరిష్కార దస్తావేజు రాసుకుని రిజిస్టర్ చేయించుకోవాలి. ఒకరే ఉంచుకుని మిగతా ఇద్దరికీ డబ్బిస్తామంటే వాళ్ళిద్దరి నుంచి తమ వాటా వదులుకుంటున్నట్టు రిలీజ్ డీడ్ తీసుకోవాలి.